సాకుల మీద లేసిన రూము

“పెద్దమ్మా, పెండ్లైనాక మేమిద్దరం వేరేగా ఉంటామని మా అత్తావాళ్లకు చెప్పల్ల. వాళ్లను బాధ పెట్టకుండా ఎట్ల చెప్పేది? ఆఫీసు దూరమని చెప్దామనుకుంటాండాం.”

ఆఫీసు దూరమా? ఓయమ్మో! పిల్లా హారికా, గా మాట ఇక్కడ్నే మింగెయ్. నీళ్లు తాగి మింగెయ్. ఏందది, ఫోను అట్ల బోర్లేసినవ్? రికార్డు పెట్టినవా? పెట్టు పెట్టు, నీ పెండ్లికొడుక్కు గూడ ఇనిపియ్యి. నాకేం బుగులు, నేనేమన్న ఓట్లకు నిలవడుతున్ననా.

నువ్వు కిరాయికుంటున్న పై రూము ఉన్నది సూడు, అది ఎందుకు కట్టినమో ఎరికేనా? కిరాయికియ్యనీకి కట్టలే. మా నరేషు, వాని పెండ్లాం శ్రావణి, పెండ్లికి ముందు సాకులు చెప్పిండ్రు. ఆ సాకులకు కట్టినం. ఒక్కొక్క సాకుకు ఇంత ఇటుక, ఇంత సిమెంటు. నువ్వు ఏసీ ఏసుకొని పండుకుంటున్నవ్ గద, అది గూడ సాకే. ఆఫీసు దూరమని నువ్వు చెప్పినవనుకో, మీ మామ ఏం కడ్తడో ఏమో, వాళ్లుండేది ఫ్లాటు, ఫ్లాటు మీద ఫ్లాటు కట్టనియ్యరు గాని.

మొదటికెళ్లి చెప్త, జర ఓపిక పట్టు. మాకు నరేషొక్కడే. మా ఆయన మల్లయ్య బస్సు డ్రైవరు చేసి రిటైరైండు, నీకెరికే గద, గేటు కాడ కుర్చేసుకొని వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు తొవ్వ చెప్పుకుంట కూసుంటడు, అడిగినా అడగకున్నా. మేం నిజాంపేటకొచ్చినప్పుడు ఇక్కడ ఏముండె? రాళ్లు, తుమ్మచెట్లు. గీ జాగ కొన్నప్పుడు మా సుట్టాలు నవ్విండ్రు, పాములకు కిరాయికిస్తవా మల్లయ్యా అని. రెండు పట్టుచీరెలకు పెట్టే పైసలకు గజాలొచ్చేటియి అప్పుడు. అంటే... రెండు గాదు, అబద్ధమెందుకు, ఓ పది చీరెలనుకో. ఇప్పుడు గవే సుట్టాలు వచ్చి గజానికెంత నడుస్తుంది వదినె అని అడుగుతరు. ఏం ముచ్చట చెప్తున్న? ఆ, నరేషు.

నరేషుకు శ్రావణి సంబంధం కుదిరింది. హన్మకొండ పిల్ల. వాని లెక్కనే కంప్యూటర్ల నౌకరి, హైటెక్ సిటీ దిక్కు. నిశ్చితార్థమైంది, ఇగ పెండ్లి అనుకునేలోపల మూఢం వచ్చిపడ్డది. ముహూర్తాలు లెవ్వు. ఐదు నెల్లు ఆగాలన్నడు అయ్యగారు. గా ఐదు నెల్లే మా కొంప ముంచినయ్. ఎందుకంటె వీళ్లిద్దరు వేరే ఉండాలని నిశ్చితార్థం కంటె ముందే అనుకున్నరు, మాకేమో చెప్పలే. చెప్పనీకి నోరు రాలే. అమ్మ ఏమనుకుంటదో, ఇంత పెంచి చదివిపిస్తే గిదేనా అంటదేమో అని. వాడు నా కొడుకే గద, నా నోరు సంగతి వానికి తెల్వదా.

ఒక శనారం వచ్చి నా కాడ కూసొని, “అమ్మా, ఇక్కడికెళ్లి ఆఫీసుకు మస్తు దూరమైతుంది, ట్రాఫిక్కుల పానం పోతుంది, ఆమెకింకా కష్టమైతది” అన్నడు. నేను, అయ్యో పాపం బిడ్డ, అనుకున్న. అంతే అనుకున్న. వేరే పోతమంటున్నడని నాకు తట్టలే. లోపల్నుంచి మా ఆయన ఇన్నడు. ముప్పై ఏండ్లు బస్సు నడిపిన మనిషికి తొవ్వ కష్టమని చెప్తే ఊకుంటడా? ఆదివారం దాటినంక సోమవారం పొద్దుగాల స్కూటర్ తీసిండు. తొమ్మిదింటికి పోయొచ్చిండు. మంగళవారం ఎనిమిదింటికి పోయొచ్చిండు. బుధవారం ఇంకో తొవ్వకెళ్లి పోయి, గల్లీలల్లకెళ్లి, ఎవలిదో ఫంక్షన్‌హాలు ఎనక గేటుకెళ్లి దూరి, పావుగంట తక్కువల పోయిండట. వారం అయినంక కొడుకును కూసోవెట్టి, కాయితం మీద గీత గీసి సూపిచ్చిండు. “ఎనిమిదింబావుకు ఎల్లు, నలభై నిమిషాలు, నాది గ్యారంటీ. వానొస్తే నేనే దింపుత ఇద్దర్ని” అన్నడు. నరేషు మొఖం సూడాలె అప్పుడు. స్కూటర్ మీద ముగ్గురు, ముందట మామ, నడిమిట్ల కొత్త పెండ్లికూతురు, ఎనక వీడు. నేను కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన.

ఇగ అప్పుడన్న చెప్పాలె గద నిజం. చెప్పలే. పది రోజులకు రెండో సాకు పట్టుకొచ్చిండు. ఆమెకు అమెరికోళ్లతోని మీటింగులుంటయట, మాపటి పూట గంటలకొద్దీ మాట్లాడాలట, కింద మన రెండు రూములల్ల మీకు నిద్ర ఉండదమ్మా, మీకు పరేషాన్ ఎందుకు అన్నడు. చూస్తివా, ఎంత మంచి కొడుకు. నా నిద్ర కోసం ఫికర్ చేస్తున్నడని నేను ఆడిబిడ్డకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్న. మా ఆయన ఇంకేం చేసిండు? మేస్త్రీని పిలిచిండు. పైన రూము, అటాచుడు బాత్రూము, మెట్లు బయటికెళ్లి, తలుపు మూస్తే సప్పుడు రాకుంట మందం చెక్క. “కోడలు అమెరికాతోనే గాదు, సంద్రమామతోని మాట్లాడినా మనకినరాదు” అన్నడు. రెండు నెల్లు ఇంట్ల ఇసుక, దుమ్ము. పప్పుల ఇసుక, బువ్వల ఇసుక. నరేషు రోజు ఆఫీసుకు పోయేటప్పుడు గా ఇటుకల దిక్కు సూసుకుంట పోతుండె, దొంగ పోలీస్‌ఠాణా దిక్కు సూసినట్టు. నోరు మాత్రం ఇప్పలే. ఒక్కనాడన్న, “నాయినా, ఆపు, మేం ఉండం ఇక్కడ” అంటే అయిపోయేది. అనలే. గోడలు లేసినయ్, స్లాబు వడ్డది.

స్లాబు వడ్డ వారానికి మూడో సాకు. శ్రావణికి కారం పడదట, కడుపుల మంటట. దానిది దానికి వండుకుంటె బాగుంటదట. నేనేమన్న తక్కువ తిన్ననా? ఇగ కారం తగ్గిచ్చుడు నేర్చుకున్న. నెల రోజులు, నెల రోజులు పిల్లా, మా ఇంట్ల సప్పటి కూరలు. చికెను వండితే దవాఖాన కూర లెక్క తెల్లగ. మా ఆయన రెండు ముద్దలు తిని, “ఏమే, నాకేమన్న రోగం వచ్చిందా, నాకు చెప్పకుంట దాస్తున్నరా” అనడిగిండు. తర్వాత తెలిసింది, గా పిల్ల పచ్చి మిరపకాయ కొరుక్కుంట బువ్వ తింటది. నాకంటె ఎక్కువ తింటది కారం! పెండ్లిల సూసిన నేను, బగారన్నంల పచ్చిమిరపకాయలు ఏరుకొని తింటుంటే నరేషు దిక్కు తిరిగి సూసిన. వాడు టెంటు గుడ్డ సూస్తున్నడు.

అన్నిటికంటె పాపపు సాకు నాలుగోది. ఆఫీసు కాడ్నుంచి ఫోన్ల చెప్పిండు అది, మొఖం సూపియ్యకుంట. “అమ్మా, ఒక ఆర్నెల్లు బయట ఉంటం, తర్వాత వచ్చేస్తం.” అప్పుడు నాకు తెలిసింది బయట ఉండుడనే ముచ్చట ఒకటున్నదని. సరేలే, ఆర్నెల్లే గద అనుకున్న. క్యాలెండరు కాడికి పోయి లెక్కబెట్టిన. సంకురాత్రి దాటుతది, శివరాత్రి కల్లా వస్తరు. శివరాత్రికి కోడలు ఒక్కపొద్దుంటదో ఉండదో అని గూడ ఆలోచన చేసిన. గట్ల ఆశపెట్టుడు ఉన్నది సూడు, అది కొట్టినదానికంటె పెద్ద దెబ్బ.

నాకు వేరు అంటె ఎందుకంత బుగులో చెప్త. నేను కాపురానికొచ్చినప్పుడు మెదక్ దిక్కు ఊర్ల మా అత్త, మా బావ, తోటికోడలు, ఆడిబిడ్డ, అందరం ఒక్క పొయ్యి. మా బావ వేరు పడ్డనాడు లొల్లి ఎట్లయిందంటె, గంగాళం ఒక్కటుండె ఇంట్ల, ఇత్తడిది, దానికోసం అన్నదమ్ములు చెరొక చెవి పట్టుకొని గుంజుకున్నరు. మా అత్త నడిమిట్ల కూసొని శాపాలు. గంగాళం మా బావ తీస్కపోయిండు, మా అత్తను మాకిడిసిపెట్టిండు. పదేండ్లు మాటల్లెవ్వు. మరి నాకు ‘వేరు’ అంటె గంగాళమే యాదికొస్తది గద. వేరే ఉండుడంటె కొట్లాడి పోవుడే అని నా బుర్రల. నవ్వుకుంట గూడ పోవచ్చని ఎవలు చెప్పిండ్రు నాకు?

ఇగ అసలు ముచ్చటకొస్త. పెండ్లికి నెలన్నర ముందు, కార్డులు గూడ ఇంకా అచ్చుకియ్యలే, ఒక ఆదివారం పగటీలి నరేషు ఆ పిల్లను ఎంటేసుకొని వచ్చిండు. పెండ్లిగాకముందే కోడలు అత్తగారింటికొచ్చుడేందని నాకు మనసుల కొట్టుకుంటుంది గాని, ఆ పిల్ల మొఖం జూస్తె ఏడ్చినట్టున్నది. వచ్చి కూసున్నరు. మా ఆయన, నేను, వాళ్లిద్దరు. వీడు ఫ్యాను దిక్కు సూస్తున్నడు. ఆ పిల్ల మెల్లగ, “నువ్వు చెప్తనన్నవ్ గద. నేను చెప్తే ఇది నా ఆలోచన అనుకుంటరు” అన్నది వానితోని. చెవులు పెద్దగనే ఉన్నయ్ గద నాయి, ఇన్న.

అప్పుడు వాడు ఫ్యాను ఇడిసిపెట్టి నా దిక్కు సూసి అన్నడు. “అమ్మా, ఇంతవరకు చెప్పినయన్ని సాకులే. దూరం గాదు, నిద్ర గాదు, కారం గాదు. మేమిద్దరం వేరే ఉండాలనుకున్నం. ముందు అన్నది నేనే, శ్రావణి గాదు. మీతోని కష్టమై గాదు. మా సంసారం మేం చేసుకొని సూద్దామని.”

నేను ఊకుంటనా? లేసిన. “ఎవలు నేర్పిండ్రురా నీకు? బువ్వ పెట్టిన చెయ్యి గనిపియ్యలేదారా? నీ ఫీజుల కోసం మీ నాయిన డబల్ డ్యూటీలు చేసిండు, యాదికున్నదా?” అన్నీ తీసిన. పుట్టినప్పుడు కామెర్లొచ్చిన ముచ్చటకెళ్లి మొదలు పెట్టిన. వాడు ఒక్కమాట ఎదురు చెప్పలే, మీరు చేసింది మీ బాధ్యత అనలే, మీకు పైసలు పంపుత అనలే. గట్లన్నడనుకో, ఇస్తరాకుల బువ్వ ఇసిరేసినట్టు ఇసిరేసేదాన్ని. “యాదికున్నదమ్మా, అన్నీ యాదికున్నయ్” అన్నడు. అంతే. నేను ఒర్లి ఒర్లి అలిసిపోయిన.

మా ఆయన ఒక్కటే అడిగిండు. “మరి పైన రూము?”

ఆ పిల్ల లేసి మా ఆయన ముందటికొచ్చి నిలబడ్డది. “మామయ్యా, రూము కట్టకముందే చెప్పాల్సింది. భయపడి చెప్పలే. అది మా తప్పు, నాది గూడ. ఇటుకలు దింపిననాడే ఈయనను చెప్పమన్న, తర్వాత నేనూ ఊకున్న” అన్నది. సూడు పిల్లా, జాగ్రత్తగ ఇను. వేరే పోతున్నందుకు తప్పయిందనలే. చెప్పకుంట దాసినందుకు తప్పన్నది. రెండూ కలిపి మొక్కితే నేను ఆమెను ఒంచి ఒంచి మా ఇంట్లనే పెట్టుకునేదాన్ని. ఒంచనీకి జాగ ఇయ్యలే.

నేను అడిగిన, “ఆర్నెల్లే అన్నడు గద మరి?” అని. మనసుల ఇంకా శివరాత్రి ఉన్నది నాకు. ఆ పిల్ల తల అడ్డం ఊపింది. “లేదత్తమ్మా. ఆర్నెల్లంటే మీరు రోజులు లెక్కబెట్టుకుంటరు. వచ్చేది లేకున్నా వస్తమని చెప్పుడు మంచిది గాదు. మీకు గాని మామయ్యకు గాని చాతగానినాడు అందరం ఒక్కకాడ ఉందాం, అప్పుడు మేమే అడుగుతం. అప్పటిదాంక వేరేనే.” గట్ల కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. నాకు కోపమొచ్చింది, కండ్లల్ల నీళ్లొచ్చినయ్, ఇంకోటి గూడ వచ్చింది... ఏమంటరు దాన్ని... ఈ పిల్ల నాతోని అబద్ధమాడదు అని ఒక నమ్మకం. అప్పుడు ఒప్పుకోలేగాని వచ్చింది.

మల్ల ప్రతి శనారం సాయంత్రం వస్తం, ఆదివారం ఉండి పోతం, బోనాలకు ఇక్కడ్నే, మామయ్య షుగరు పరీక్షకు నేనే తీస్కపోత అని చెప్పుకొచ్చింది. నేను, “ఏం, బస్సు టైములు చెప్తున్నవా?” అన్న. మా ఆయన నవ్విండు, ఆయనకు బస్సు టైములంటె పానం. “ఇల్లు గూడ సూసుకున్నరు గద, మరి మాకు చెప్పుడెందుకు, సాక్షి సంతకానికా?” అన్న. “లేదత్తమ్మా, ఇల్లు సూడలే. మీకు చెప్పకుంట అడ్వాన్సు ఇయ్యొద్దని ఆగినం. ఇల్లు మీరు గూడ సూడున్రి. కాపురం మీ చేతులతోనే పెట్టియ్యాలె” అన్నది.

నేను లేసి పోయి చాయ్ పెట్టిచ్చిన. చక్కెర ఎయ్యుడు మర్చిపోయిన, కావాలని గాదు, అబద్ధమెందుకు, సగం కావాలనే. తాగిండ్రు ఇద్దరు, మూతి ముడువకుంట.

ఆ పిల్ల పోయినంక నాలుగు రోజులు ఆమె ఫోన్ చేస్తే ఎత్తలే. నరేషు అప్పుడు ఇంట్లనే ఉంటుండె గద, వాడు వంటింట్లకొస్తె నేను వాకిట్లకు, వాడు వాకిట్లకొస్తె నేను ఎనక మోరి కాలువ కాడికి. మనసుల ఒక్కటే తిరుగుతుంది, గుంజుకపోయింది, కాలు పెట్టకముందే గుంజుకపోయింది అని. ఆకలి లేదు. మా ఆయన మాత్రం, “కారం ఎయ్యొచ్చా ఇగ?” అని మెల్లగ అడిగిండు. గా మనిషికి దుఃఖం గూడ నాలికె మీదనే ఉంటది.

ఐదో రోజు మా ఆడిబిడ్డ ఈశ్వరమ్మ దిగింది. ఎట్ల తెలిసిందో మరి, దానికి ఊర్ల ఎవలింట్ల సప్పుడైనా శేరిలింగంపల్లిల ఉండి ఇనొస్తది. సంచి గూడ కింద పెట్టలే, “అయ్యో వదినె, కోడలు రాకముందే కొడుకును గుంజుకపాయెగదనే! నీ బతుకు గిట్లాయెనా!” అని శోకాలు. నాలుగు రోజులసంది నేను మనసుల అనుకున్న మాటలే అవి, ఒక్క అక్షరం తేడా లేదు. కాని దాని నోట్లకెళ్లి ఇంటె నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా కొడుకు ఏమన్న లాగూ పోగొట్టుకున్న పోరడా, ఎవలో గుంజుకపోనీకి? నా కోడలు ఏమన్న దొంగా? “గుంజుకపోవుడేందే ఈశ్వరీ? నేనే పెట్టిస్తున్న కాపురం. కొండాపూర్ల ఇల్లు నేనే సూస్తున్న. కొత్త జంట గద, నాలుగు దినాలు సుఖంగ ఉండనీ అని నేనే అన్న. నీకు నీ అత్త గిట్ల చేసిందా? చెయ్యలే గద!” అన్న. చాయ్ ఇచ్చిన, చక్కెర ఏసే ఇచ్చిన.

అది పోయినంక కుర్చీల కూలవడ్డ. మా ఆయన గేటు కాడికెళ్లి వచ్చి, “నువ్వే అన్నవట గద?” అన్నడు. “నోరు ముయ్” అన్న. ఇజ్జత్ కోసం అబద్ధమాడిన, ఇగ దాన్ని నిజం చెయ్యకుంటె ఈశ్వరమ్మ జన్మంత పొడుస్తది. శ్రావణికి నేనే ఫోన్ చేసిన. “ఏమమ్మా, ఇల్లు ఎప్పుడు సూద్దాం? వంటింటికి కిటికీ లేని ఇల్లు మాత్రం నేను ఒప్పుకోను” అన్న. అటు దిక్కు పిల్ల ఏడుస్తుంది. నేను గూడ ఏడ్సిన. ఇద్దరం ఫోన్ల పైసలు దండుగ చేసుకుంట... ఇప్పుడు పైసలు పడవట గద మాట్లాడితే, అదే నయం.

పెండ్లైనంక కాపురం పెట్టిచ్చిన ముచ్చట ఇంకో గమ్మతి. కొండాపూర్ల నాలుగో అంతస్తు. పాలు పొంగిచ్చేది నేనే గద, మా అత్తనాటి ఇత్తడి గిన్నె తోమి బంగారం చేసి తీస్కపోయిన. గ్యాసు ఇంకా రాలేదట, కరెంటు పొయ్యి కొన్నరు, నల్లటి అద్దం పలక లెక్కుంటది సూడు, అది. గిన్నె పెట్టిన, మొక్కిన, నొక్కిన. అది కుయ్ కుయ్ మంటది, ఎర్రగ ఏదో అక్షరం సూపెడ్తది, కాగదు. ఇంకోసారి నొక్కిన. కుయ్. వియ్యపురాలు ఊదుబత్తి పట్టుకొని నిలవడ్డది, అయ్యగారు గడియారం సూస్తున్నడు, ముహూర్తం పోతుంది. శ్రావణి నా చెవుల మెల్లగ, “అత్తమ్మా, ఇత్తడికి నడవదిది, అయస్కాంతం పట్టే గిన్నెనే కావాలె” అన్నది. నలుగురి ముందట అనలే, సూడు, చెవుల అన్నది. స్టీలు గిన్నెలు ఇంకా మూటల్లనే ఉన్నయ్, ఏ మూటనో ఎవలికి తెల్సు? ఎదురు ఫ్లాటుల ఒక బెంగాలామె ఉన్నది. ఆమె ఇంట్లకురికిన గిన్నె పట్టుకొని. ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె మాట రాదు, పాలు చూపెట్టి చేతులు ఇట్ల పైకి లేపిన, పొంగాలె పొంగాలె అని. ఏమనుకున్నదో పాపం, పొయ్యి అంటిచ్చింది. ముహూర్తానికి పాలు ఆమె పొయ్యి మీద పొంగినయ్. సిరి మొత్తం ఆమెకే పోయుంటది. ఆర్నెల్లల్ల కారు కొన్నదట, నాకు గాని శ్రావణికి గాని ఆశ్చర్యం గాలే.

మల్ల శనారాలంటవా? మొదటి రెండు నెల్లు గడియారం పెట్టినట్టు వచ్చిండ్రు. తర్వాత వారం తప్పి వారం. ఒకోసారి రారు, ఫోన్ చేస్తరు. కోపమొస్తదా అంటే వస్తది, పోతది. మేం గూడ ఒకసారి చెప్పకుంట పోయినం ఆదివారం పదకొండింటికి, పులిహోర పట్టుకొని. తలుపు తీయనీకి పావుగంట పట్టింది. వాడు అంగీ తిర్లమర్లగ ఏసుకొని వచ్చి తీసిండు. మా ఆయన మెట్లు దిగుకుంట, “ఇగ ఫోన్ చేసి వద్దామే” అన్నడు. అప్పటిసంది ఫోన్ చేసే పోతం. నవ్వకు, నువ్వు గూడ జర జాగ్రత్త.

ఇంకోటి చెప్త, ఇది ఎవలికి చెప్పలే. కాపురం పెట్టిచ్చి ఇంటికొచ్చిననాడు సాయంత్రం నేను బియ్యం కడగబోయి ఆగిన. ఎన్ని గ్లాసులు ఏద్దునో తెల్వలే. ఇద్దరికి ఎన్నడన్న వండితే గద! పెండ్లైన కాడికెళ్లి మా అత్త ఉండె, ఆడిబిడ్డ ఉండె, తర్వాత నరేషు. మా అత్త పోయి నాలుగేండ్లే. నేను, ఈ మనిషి, ఇద్దరమే ఒక ఇంట్ల ఒక్క పొద్దు గూడ లేము. చేతిల గ్లాసు పట్టుకొని అట్లనే నిలవడ్డ. ఏడుపొచ్చింది, ఏడ్సిన, మస్తు ఏడ్సిన. మా ఆయన వచ్చి సూసి, “గ్లాసున్నర ఎయ్యి, మిగిలితే పొద్దుగాల పోపు పెట్టుకుందాం” అన్నడు. తర్వాత ఆయనే ఉల్లిగడ్డ కోసిండు. ముప్పై ఎనిమిదేండ్లల్ల మొదటిసారి. ఇంత ఇంత ముక్కలు, గోడకు పెట్టే ఇటుకల లెక్క. కొడుకు వేరు కాపురం పెట్టిననాడే మేం గూడ పెట్టినం పిల్లా. సిగ్గిడిసి చెప్తున్న, బాగున్నది.

అందుకే చెప్తున్న ఇను. దూరమని చెప్పకు, మీ మామ తొవ్వ దేవులాడుతడు. చిన్నగున్నదని చెప్పకు, గోడ లేపుతడు. కొన్నాళ్లే అని అస్సలు చెప్పకు. కార్డులు అచ్చుగాకముందే, మంచాలు, బీరువాలు కొనకముందే పోయి చెప్పుండ్రి. ముందుగాల మీ వోడు చెప్పాలె, పక్కన నువ్వుండాలె, తర్వాత నువ్వు. మీ అత్తను అన్నీ అననియ్యి, కామెర్లు, ఫీజులు, అన్నీ. మధ్యల అడ్డం రాకు. ఏడిస్తె ఏడ్వనియ్యి, ఏడ్పించొద్దనుకుంటెనే గద సాకులు పుడ్తయ్. నా కొడుకు పోయిండని నేను ఒక్కసారి ఏడ్సి ఊకునేదాన్ని బిడ్డా. వాడు నన్ను ఏడ్పియ్యొద్దని, నాలుగుసార్లు ఆశపెట్టి నాలుగుసార్లు గుంజుకున్నడు.

మీ అత్తకు నువ్వు నిజం చెప్పే మనిషివని తెల్వాలె, మిగిలింది నెమ్మదిగ అదే వస్తది. ఏ ఇంట్ల ఉన్నా నీకు కడుపునిండ బువ్వ, కంటినిండ నిద్ర ఉండాలె బిడ్డా. మీ అత్త మీ ఇంటికొచ్చిననాడు ఆమెకు గూడ ఉండాలె. రేపు పొద్దుగాలనే పోండ్రి ఇద్దరు, తిని పోండ్రి, ఖాళీ కడుపుల ధైర్యం నిలువదు. ఏమన్నదో వచ్చి చెప్పు, నేను గేటు కాడ్నే కూసుంట...